తెల్లజుట్టులో మారేడుమిల్లి: ఒక డబుల్ ఎక్స్‌పోజర్ పోర్ట్రెయిట్ కేస్ స్టడీ

అటవీశాఖలో డిప్యూటీ రేంజ్ ఆఫీసర్‌గా రిటైరవుతున్న ఒకాయనకు ఆయన కూతురు ఇవ్వాలనుకున్న కానుక ఇది. ఆయన సర్వీసులో ఎక్కువ భాగం మారేడుమిల్లి, రంపచోడవరం వైపే గడిచింది. నాన్న పక్కకు తిరిగి చూస్తున్నట్టు ముఖం, తల లోపల మారేడుమిల్లి అడవి, 16×24 అంగుళాల ప్రింటు, హాల్లో గోడకు. ఆమె కోరింది ఇదీ. ఇలాంటి పని చాలామంది అడుగుతారు. ఇందులో నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఆమె చివర్లో చెప్పిన మాట: "నాన్న జుట్టు మాత్రం నల్లగా చెయ్యకండి. తెల్లజుట్టుతోనే ఆయన ఆయనలా ఉంటారు."

ఒకే బొమ్మలో రెండు ఫోటోలు కలిపే డబుల్ ఎక్స్‌పోజర్‌లో అడవి కనిపించేది నల్లని చోట. తెల్లని చోట అది నిలవదు. మామూలుగా అడవిని నింపేది జుట్టులోనే. ఇక్కడ ఆ జుట్టే తెల్లగా ఉంది. ఈ కేసంతా ఆ చిక్కు చుట్టూనే నడిచింది కాబట్టి, దానికి కారణమైన లెక్కతోనే మొదలుపెడతాను.

అడవి ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు

ఫిల్ము రోజుల్లో రీలు ముందుకు జరపకుండా ఒకే ఫ్రేము మీద రెండుసార్లు షట్టర్ నొక్కేవాళ్లు. ఆకాశానికి ఎదురుగా నిలబడ్డ మనిషిని తీస్తే, ఆకాశం పడిన చోట ఫిల్ము పూర్తిగా వెలుగు తాగేసి ఉంటుంది. మనిషి నీడ పడిన చోట దాదాపు ఖాళీగా ఉంటుంది. రెండోసారి అడవిని తీసినప్పుడు ఆ ఖాళీలోనే చెట్లు పడతాయి. ఫోటోషాప్‌లో Screen అనే బ్లెండ్ మోడ్ ఫలితం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. కింద మనిషి ఫోటో లేయర్, పైన అడవి ఫోటో లేయర్ పెట్టి, పైదాన్ని Screen చేస్తే ప్రతి పిక్సెల్‌కూ జరిగే లెక్క ఇది:

```
result = 255 - (255 - a) × (255 - b) / 255
```

ఇందులో a మనిషి ఫోటోలోని విలువ, b అడవి ఫోటోలోని విలువ. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. మా అడవి ఫోటోలో చెట్టు మొదళ్లు 40 దగ్గర, మంచు పట్టిన ఆకాశం 240 దగ్గర ఉన్నాయి. ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిక.

నల్లజుట్టు విలువ 25 అనుకోండి. దాని మీద చెట్టు పడితే 61 వస్తుంది, ఆకాశం పడితే 241 వస్తుంది. మధ్య తేడా 180. చెట్టు చెట్టులా, ఆకాశం ఆకాశంలా కనిపిస్తాయి. వెలుగు పడిన తెల్లజుట్టు విలువ 190. దాని మీద చెట్టు 200 అవుతుంది, ఆకాశం 251 అవుతుంది. తేడా 51 మాత్రమే. అడవి ఉందంటే ఉంది, గుర్తుపట్టమంటే కష్టం. పైగా జుట్టు కూడా సగం పోయి, అంతా పాలిపోయిన ముద్దలా తయారవుతుంది. బుగ్గ మీద వెలుగు పడిన చోటా ఇదే పరిస్థితి. అక్కడ మనకు అడవి అక్కర్లేదు కాబట్టి బుగ్గ బాధ లేదు, తలతోనే పేచీ.

వెనక గోడ విషయంలోనూ ఈ లెక్కే పనిచేస్తుంది. గోడ తెల్లగానే ఉందని కంటికి అనిపించినా ఫోటోలో 220 దగ్గర ఉండిపోతే, దాని మీద చెట్టు 225గా, ఆకాశం 253గా వస్తాయి. అంటే మనిషి బయట కూడా గాలిలో లేత బూడిద రంగు చెట్లు తేలుతుంటాయి. ఇవి మానిటర్ మీద తొందరగా దొరకవు. పట్టుకోవడానికి నేను అన్నిటికన్నా పైన ఒక Levels లేయర్ తాత్కాలికంగా పెట్టి, నలుపు స్లైడర్‌ను 200 దాకా లాగుతాను. తెలుపులో దాక్కున్నవన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. చూసుకున్నాక ఆ లేయర్ ఆపేస్తాను.

తీసేటప్పుడే సగం పని

లెక్క తెలిశాక లైటు ఎక్కడ పెట్టాలో దానికదే తేలిపోతుంది. ముఖం ముందు భాగం వెలుగులో ఉండాలి, చెవి వెనక నుంచి తల వెనక భాగమంతా నీడలోకి జారాలి. ఆయన ఎడమవైపు చూస్తూ కూర్చున్నారు. సాఫ్ట్‌బాక్స్‌ను ఆయన ముక్కుకు దాదాపు ఎదురుగా, కొంచెం కెమెరా వైపు జరిపి పెట్టాను. నుదురు, ముక్కు, మీసం, గడ్డం మీద వెలుగు పడుతుంది, చెవి దగ్గరకొచ్చేసరికి తగ్గిపోతుంది. సాఫ్ట్‌బాక్స్ పై అంచుకు ఒక నల్ల అట్ట అడ్డుపెట్టాను, నడినెత్తి మీద వెలుగు పడకుండా. తల వెనకవైపు, ఫ్రేములోకి రానంత దూరంలో, నల్లగుడ్డ చుట్టిన థర్మోకోల్ షీటు నిలబెట్టాను. స్టూడియో గోడల నుంచి తిరిగి వచ్చే వెలుగును అది మింగేస్తుంది. ఈ రెండింటితో వెనక జుట్టు 190 నుంచి 95 దగ్గరకు దిగింది. రంగు వెయ్యలేదు, వెలుగు తీసేశానంతే. 95 మీద అదే చెట్టు 120, ఆకాశం 246. తేడా 126. దీంతో పని చెయ్యవచ్చు.

వెనక గోడకు రెండు వైపుల నుంచీ రెండు ఫ్లాష్‌లు. ముఖం దగ్గర మీటరు f/8 చూపిస్తే, గోడ దగ్గర f/13, f/14 మధ్య ఉండేట్టు చూశాను, అంటే ఒకటిన్నర స్టాపు ఎక్కువ. ఇంకా పెంచితే గోడ ఇంకా తెల్లబడుతుందని అనుకుంటారు. తెల్లబడుతుంది, కానీ ఆ వెలుగు మనిషి అంచుల మీదకు చుట్టుకొచ్చి తెల్లజుట్టు పోగుల్ని తినేస్తుంది. నల్లజుట్టు మనిషికి ఇది పెద్దగా తెలియదు. తెల్లజుట్టు మనిషికి తల అంచు ఎక్కడుందో కూడా దొరకదు. ఆయన్ను గోడకు ఏడడుగుల దూరంలో కూర్చోబెట్టింది కూడా అందుకే. గోడలో మిగిలిన కొద్దిపాటి బూడిద రంగును తర్వాత కటౌట్ చేసేటప్పుడు పూర్తి తెలుపుగా మార్చడం సులువు. పోయిన పోగుల్ని తిరిగి తేవడం కష్టం.

ఒక చిన్న సంగతి. పక్కముఖం తీసేటప్పుడు గడ్డం కొంచెం పైకెత్తమని అడగాలి. మామూలు పోర్ట్రెయిట్‌లో దించమంటాం. ఇక్కడ దించితే గడ్డం, మెడ, కాలరు ఒకే నల్లటి ముద్దగా కలిసిపోయి, ఆకారం చూడగానే ఎవరో పోల్చుకోలేరు.

ఏ అడవి ఫోటో

కూతురు ఫోన్‌లో పంపిన అడవి ఫోటోలు అందంగానే ఉన్నాయి, కానీ వాడటానికి కుదరలేదు. అన్నీ ఫ్రేము నిండా పచ్చటి ఆకులే. అలాంటి ఫోటోలో పూర్తి నలుపు ఉండదు, పూర్తి తెలుపూ ఉండదు, అంతా నడిమి టోనే. దాన్ని తలలో నింపితే అడవి కనిపించదు, తలకు పాచి పట్టినట్టుంటుంది. డబుల్ ఎక్స్‌పోజర్‌కు కావలసింది వెనక నుంచి వెలుగు వచ్చే అడవి. చెట్లు నల్లగా విడివిడిగా కనిపించాలి, వాటి వెనక ఖాళీ ఆకాశమో మంచో ఉండాలి.

అందుకని చలికాలం పొద్దున్నే మారేడుమిల్లి ఘాట్‌రోడ్డు మీదకు వెళ్లి తీసుకున్నాను. పొద్దు బాగా ఎక్కేదాకా ఆ లోయల్లో మంచు ఉంటుంది. లోయకు అవతల గట్టు మీద వరసగా నిలబడ్డ చెట్లను, వాటి పక్కన ఒక వెదురు పొదను, కెమెరా చూపించిన దానికన్నా ఒక స్టాపు ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇచ్చి తీశాను. మంచు తెల్లబడాలి, మొదళ్లు మాత్రం నల్లగానే ఉండాలి. వెదురును కావాలనే ఎంచుకున్నాను. దాని కొసలు విల్లులా వంగుతాయి, తల వెనక గుండ్రానికి ఆ వంపు సరిపోతుంది. ఫోటో కింది భాగంలో పొదలన్నీ కలిసి చిక్కటి నలుపుగా ఉన్నాయి. అది ఎందుకు పనికొచ్చిందో తర్వాత చెప్తాను.

తెల్లజుట్టుకు మాస్క్

జుట్టు నల్లగా ఉన్నవాళ్లకైతే నేను Blend If తో మొదలుపెడతాను. అడవి లేయర్ మీద డబుల్ క్లిక్ చేస్తే వచ్చే Layer Style పెట్టెలో అడుగున ఉంటుంది. Underlying Layer పట్టీలో తెలుపు వైపు గుర్తును ఎడమకు లాగితే, కింది ఫోటోలో వెలుగుగా ఉన్న చోట్ల అడవి మాయమవుతుంది. ఆల్ట్ కీ నొక్కి ఆ గుర్తును రెండుగా చీల్చి, ఒకటి 90 దగ్గర, ఇంకొకటి 150 దగ్గర పెడితే 90 కన్నా నల్లని చోట అడవి పూర్తిగా ఉంటుంది, 150 వచ్చేసరికి మెల్లగా తగ్గి పోతుంది. ముఖం చెక్కుచెదరదు.

ఈయన విషయంలో అది పనికిరాలేదు. కారణం చెప్పుకోదగ్గది. నెరిసిన జుట్టు దూరం నుంచి ఒకే బూడిద రంగులా ఉంటుంది కానీ, దగ్గరగా చూస్తే పోగు పోగుకూ టోను మారుతుంది. ఒక పోగు 60, దాని పక్కది 160. Blend If ప్రతి పిక్సెల్‌నూ విడిగా చూస్తుంది. అందుకని నల్లపోగులో అడవి వచ్చి, పక్కనే తెల్లపోగులో రాక, తలంతా గీతలు గీసినట్టయ్యింది. రెండు గుర్తుల మధ్య దూరం పెంచితే గీతలు కొంత మెత్తబడతాయి గాని, అప్పుడు అడవి నుదుటి మీదకు కూడా పాకుతుంది.

మనకు కావలసింది పోగుల లెక్క కాదు, ఆ ప్రాంతం మొత్తం మీద ఎంత నలుపు ఉందన్న లెక్క. అందుకు మనిషి ఫోటోనే బ్లాక్ అండ్ వైట్ చేసి, నెగెటివ్‌లా తిప్పి, అడవి లేయర్ మాస్క్‌లో అతికించాను. తిప్పాక నల్లని చోట్లు తెల్లబడతాయి కాబట్టి అక్కడ అడవి తెరుచుకుంటుంది. తర్వాత ఆ మాస్క్‌కు గాసియన్ బ్లర్ ఇచ్చి, Levels తో వెనక జుట్టు నీడ పూర్తిగా తెల్లబడేదాకా, ముఖం మీది వెలుగు నల్లబడేదాకా లాగాను. 300 డీపీఐలో 16×24 ఫైలు అంటే 4800×7200 పిక్సెళ్లు. అంత పెద్ద ఫైలులో 40 పిక్సెళ్ల బ్లర్‌తో పోగులన్నీ కలిసిపోయి, నీడ మాత్రం నీడలా మిగిలింది. చెవి ముందు నుంచి వెనకకు వెళ్లేకొద్దీ అడవి మెల్లగా తేలుతుంది, గీత ఎక్కడా లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. బ్లర్ ఇచ్చినప్పుడు బయటి గోడ తాలూకు నలుపు మాస్క్‌లో తల అంచు లోపలికి ఒలుకుతుంది. ఫలితంగా తల చుట్టూ అడవి లేని ఒక సన్నటి పట్టీ, జరీ అంచులా కనిపిస్తుంది. దీనికి మందు ఏమిటంటే, బ్లర్ ఇవ్వడానికి ముందే మాస్క్‌లో బయటి భాగాన్ని తల అంచు దగ్గరున్న టోనుతో నింపేయాలి. బ్లర్ అయ్యాక మనిషి కటౌట్ సెలెక్షన్‌ను తెచ్చి, దాన్ని తిప్పి, బయటంతా మళ్లీ నలుపు నింపాలి. అంచు పదునుగా ఉంటుంది, లోపల మెత్తగా ఉంటుంది.

ఇక తెల్లజుట్టు. నుదుటి పైన, కణతల దగ్గర జుట్టును తెల్లగానే వదిలేశాను. ఆ తెలుపును వెనకున్న అడవికి కలపడానికి మంచు పనికొచ్చింది. అడవి ఫోటోను జరిపి జరిపి, మంచు చిక్కగా ఉన్న భాగం సరిగ్గా జుట్టు నీడలోకి జారే చోట పడేట్టు పెట్టాను. తెల్లజుట్టు మంచులోకి, మంచులోంచి చెట్లు. అడవి ఎక్కడ మొదలైందో కంటికి దొరకదు. కూతురు అడిగిన తెల్లజుట్టే ఈ బొమ్మకు దారి చూపించిందని నా నమ్మకం. నల్లజుట్టు అయ్యుంటే ఆ చోట కత్తిరించినట్టుండేది.

అంచు: ఎక్కడ పోవాలి, ఎక్కడ ఉండాలి

డబుల్ ఎక్స్‌పోజర్‌లో చాలా పోర్ట్రెయిట్‌లు చెడిపోయేది ఆకారం అంచు దగ్గర. అడవిలో ఆకాశం దాదాపు తెలుపు, వెనక గోడ తెలుపు. ఆకాశం మనిషి అంచును తాకిన చోట రెండు తెలుపులు కలిసి గీత మాయమవుతుంది. నడినెత్తి మీద ఇలా పోతే చూడముచ్చటగా ఉంటుంది, చెట్లు తలలోంచి మొలిచినట్టు కనిపిస్తాయి. మెడ వెనకో భుజం మీదో పోతే మనిషి కరిగిపోయినట్టుంటుంది. ముక్కు, పెదవులు, గడ్డం గీత పోతే మనిషే మారిపోతాడు.

ముఖం గీతను మాస్కే కాపాడింది. అక్కడ వెలుగు ఎక్కువ కాబట్టి మాస్క్ నల్లగా ఉంది, అడవి రాదు. గడ్డం కిందా మెడ దగ్గరా నీడ ఉంది కాబట్టి అక్కడ అడవి వచ్చేస్తుంది. ఇందాక చెప్పిన చిక్కటి నల్లపొదల భాగం ఇక్కడ అక్కరకొచ్చింది. అడవి ఫోటో కింది భాగం మెడ, భుజాల మీద పడేట్టు పెడితే, నలుపు మీద నలుపు పడి గీత గట్టిగా నిలబడింది. చాలామంది ఇక్కడ మాస్క్ మీద బ్రష్‌తో అడవిని తుడిచేస్తారు. అలా చేస్తే మెడ బోసిగా, తల ఒక్కటే అడవిగా, రెండు ముక్కలు అతికించినట్టు ఉంటుంది. తుడవడానికి ముందు అడవిని జరిపి చూడాలి, తిప్పి చూడాలి. బ్రష్ ఆఖరి పని. నేను బ్రష్ వాడింది చెవి దగ్గర, మీసం కింద మాత్రమే, ఫ్లో 10 శాతం పెట్టి.

నెత్తి మీద ఇంకో పని ఉంది. చెట్టు కొసలు తల దాటి బయటకు రావాలి. Screen దీనికి పనికిరాదు, తెలుపు మీద అది దేన్నీ చూపించలేదు. అందుకని అదే అడవి లేయర్‌ను కాపీ చేసి, జరపకుండా అక్కడే ఉంచి, Multiply మోడ్‌లోకి మార్చాను. Multiply తెలుపు మీద నల్లటివాటిని నిలుపుతుంది, తెల్లటివాటిని వదిలేస్తుంది. ఆ కాపీలో ఆకాశం 255 అయ్యేదాకా Levels లో తెలుపు గుర్తును లాగాను. లేకపోతే ఆకాశం లేత మరకలా గోడ మీద పడుతుంది. మాస్క్‌లో మనిషి ఆకారం లోపలంతా మూసేసి, నెత్తి వెనక భాగంలో బయటి వైపు మాత్రం తెరిచాను.

అప్పుడు ఒకే చెట్టు సగం తలలో, సగం బయట ఉంటుంది. రెండు సగాల టోను కలవాలి. బయట Multiply లో మొదలు దాదాపు 40గానే ఉంటుంది. లోపల 95 జుట్టు మీద Screen లో 120 అవుతుంది. తల గీత దగ్గర చెట్టు రంగు మారిపోయి, అతుకు చూడగానే తెలిసిపోతుంది. దీన్ని సరిచెయ్యడానికి మనిషి లేయర్ మీద ఒక Curves లేయర్ పెట్టి, నెత్తి వెనక అంచు వెంబడి ఒక వెడల్పాటి పట్టీలో మాత్రమే జుట్టును 95 నుంచి 5 దగ్గరకు దించాను. అప్పుడు లోపలి చెట్టు 44 అవుతుంది, బయటిది దాదాపు 40. కంటికి ఒకటే. ఆకాశం అక్కడ తెల్లగా పరుచుకుంటుంది కాబట్టి జుట్టుకు రంగేసినట్టు ఎవరికీ అనిపించదు. అలా దించింది చెట్లు బయటకు వచ్చే చోట మాత్రమే. మిగతా వెనక జుట్టు నీడలో ఎలా ఉందో అలాగే ఉంది.

ఖాకీ, రంగు

ఖాకీ చొక్కా నడిమి టోను. సగం అడవి, సగం చొక్కా కలిసి మురికిగా వస్తుంది. అందుకని భుజం మీది స్టార్లు, పేరు పట్టీ ఉన్న చోట అడవిని పూర్తిగా మూసి, మిగతా చొక్కాను కర్వ్స్‌తో నల్లబరిచాను. స్టార్లు మసకబారితే ఆయన ఊరుకోరని కూతురు ముందే చెప్పింది.

రంగులో ఒకటే జాగ్రత్త. పచ్చని అడవిని Screen చేస్తే ఆ పచ్చదనం చర్మం నీడల్లోకి చేరి, మనిషికి జబ్బు చేసినట్టు కనిపిస్తాడు. అడవిని ముందే బ్లాక్ అండ్ వైట్ చేసి, ముఖం రంగును సగానికి తగ్గించి, చివర్లో అన్నిటి మీదా ఒకే లేత ఆకుపచ్చ ఛాయ వేశాను. రెండు ఫోటోలూ ఒకే వెలుగులో తీసినట్టు కుదురుకున్నాయి.

ప్రింటు

మానిటర్ మీద బాగున్నది మ్యాట్ పేపర్ మీద అలాగే రాదు. 20 కన్నా కింద ఉన్న నలుపులన్నీ కాగితం మీద ఒకే నలుపవుతాయి. మెడ దగ్గరి పొదలు అలా మూసుకుపోయే ప్రమాదం ఉంది. అందుకని మొత్తం ప్రింటు వెయ్యడానికి ముందు మెడ, చెవి, నెత్తి కలిసేలా ఒక నిలువు పట్టీ మాత్రం అదే కాగితం మీద వేయించి, పగటి వెలుగులో చూశాను. పొదల నలుపును కొంచెం పైకి లేపాల్సి వచ్చింది. గోడ తెలుపును కూడా ఆ పట్టీలోనే చూడాలి. 250, 252 ఉన్న చోట ప్రింటర్ సన్నటి చుక్కలు వేస్తుంది, 255 ఉన్న చోట ఉత్త కాగితం ఉంటుంది. ఆ రెండింటి మధ్య గీత ఫ్రేము కట్టాక కూడా కనిపిస్తుంది. Levels తో వెతికి మిగిలిన తేడాలన్నీ 255 చేశాకే పెద్ద ప్రింటుకు పంపాను.

పెద్ద ప్రింటు చూశాక, కూతురు వాళ్లమ్మగారి కోసం 8×12లో ఇంకొకటి కావాలని అడిగింది. అదే ఫైలును చిన్నది చెయ్యడానికి నేను ఒప్పుకోలేదు. సగం సైజుకు వచ్చేసరికి వెదురు కొసలు వెంట్రుకల్లా సన్నబడి తెల్లజుట్టులో కలిసిపోతాయి, అడవి బదులు చెదిరిన జుట్టు కనిపిస్తుంది. అందుకని చిన్నదాని కోసం అడవి ఫోటోను అదే ఫ్రేములో మూడో వంతు పెద్దది చేశాను. మూడు నాలుగు లావు మొదళ్లే తల వెనక పడేట్టు మళ్లీ పేర్చి, బయటకు వచ్చే కొమ్మలు రెండే ఉంచాను. అంచు వెంబడి జుట్టును దించిన Curves పట్టీని కూడా ఆ రెండు కొమ్మల దగ్గరకే కుదించాను. మాస్క్ మనిషి ఫోటో నుంచి వచ్చింది కాబట్టి దాన్ని ముట్టుకోవలసిన అవసరం రాలేదు.